ల్యాప్‌టాప్‌లలో సెక్యూర్ బూట్, టీపీఎం ఎందుకు తప్పనిసరి? ఉన్న మార్గాలలో ఏది మేలు?

సహోద్యోగులందరికీ నమస్కారం.

వచ్చే నెల మొదటి పనిదినం నుంచి మన సంస్థ ఇచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ నమ్మదగిన ప్రోగ్రాములతోనే యంత్రాన్ని మొదలవనిచ్చే సెక్యూర్ బూట్, డిస్కును తెరిచే కీని కాపాడే టీపీఎం రెండూ పనిచేస్తూ ఉండాలి. అవి లేని యంత్రం నుంచి సర్వర్‌లోని రోగుల వివరాలు తెరుచుకోవు. ఈ నిర్ణయం తెలిసిన వెంటనే శ్రీకాకుళం ప్రధాన కార్యాలయం నుంచీ, టెక్కలి, పలాస శాఖల నుంచీ దాదాపు ఒకే ప్రశ్న వచ్చింది. విండోస్ పాస్‌వర్డ్ ఉండనే ఉంది కదా, అది చాలకపోతే డిస్కుకు ఇంకొక పాస్‌వర్డ్ పెట్టుకుంటాం, విండోస్ కంటే ముందే నడిచే బయోస్ దాకా వెళ్లడం దేనికి అని అడుగుతున్నారు. ప్రశ్న సబబైనదే కనుక ఉన్న మార్గాలను పక్కపక్కన పెట్టి, వాటిలో మనకు ఏది నప్పుతుందో, ఎందుకు నప్పుతుందో ఇక్కడ వివరిస్తున్నాను.

పోల్చడానికి ఒకే సందర్భాన్ని తీసుకుందాం. ఉద్దానం కిడ్నీ సర్వే కోసం కవిటి మండలానికి వెళ్లిన ఉద్యోగి పని ముగించుకుని, సోంపేట స్టేషన్‌లో రైలెక్కి, శ్రీకాకుళం రోడ్‌లో దిగేటప్పుడు బ్యాగును పై బెర్తు మీద మరిచిపోయారనుకుందాం. ల్యాప్‌టాప్ ఆపి ఉంది. అందులో ఆ వారం కలిసిన వారి పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, క్రియాటినిన్ ఫలితాలు, డయాలసిస్ మీద ఎవరున్నారన్న వివరాలు ఉన్నాయి. బ్యాగు దొరికిన మనిషి కేవలం యంత్రాన్ని అమ్ముకునేవాడైతే నష్టం దాని ఖరీదు వరకే. లోపల ఏముందో చూడాలనుకున్న మనిషైతే ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

మొదటి మార్గం ఇప్పుడు మనలో చాలామంది యంత్రాలలో ఉన్నదే, అంటే విండోస్ పాస్‌వర్డ్ ఒక్కటే. ఈ పాస్‌వర్డ్ విండోస్‌లోకి ప్రవేశించే దారిని కాపాడుతుంది తప్ప డిస్కు మీద రాసి ఉన్న సమాచారాన్ని కాపాడదు. అడుగున ఉన్న మరలు విప్పి, చిన్న డిస్కును బయటకు తీసి, అడాప్టర్ ద్వారా ఇంకొక కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లలాగే కనిపిస్తాయి. మరలు విప్పే శ్రమ కూడా అక్కర్లేకుండా, లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆ ల్యాప్‌టాప్‌నే బూట్ చేసినా అదే ఫలితం. ఇక్కడ విండోస్ అసలు నడవదు కనుక పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నదన్న మాటే రాదు. ఈ మార్గం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

రెండవది మీలో కొందరు సూచించినది: టీపీఎం లేకుండా, పాస్‌వర్డ్‌తో విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ ద్వారా డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం. గ్రూప్ పాలసీలో ఒక అమరిక మారిస్తే విండోస్ దీనికి ఒప్పుకుంటుంది, మొదటిదానికంటే ఇది ఎంతో నయం కూడా. డిస్కును బయటకు తీసినవారికి అర్థంలేని అక్షరాలు తప్ప ఏమీ కనబడవు. అయితే ఇందులో రక్షణ భారమంతా మనిషి ఎంచుకున్న పాస్‌వర్డ్ మీదే పడుతుంది. దొంగ ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఊహించనక్కర్లేదు. డిస్కును మొత్తంగా నకలు తీసుకుని, బలమైన గ్రాఫిక్స్ కార్డులున్న యంత్రాల మీద ఎన్నాళ్లయినా, ఎన్ని లక్షల ఊహలైనా ప్రయత్నించవచ్చు. ఒక్కొక్క ఊహకు కొంత సమయం పట్టేటట్టు బిట్‌లాకర్ లోపల ఏర్పాటు ఉన్నప్పటికీ, తప్పు ఊహలు మితిమీరాయని చెప్పి తలుపు మూసేవారు అక్కడ ఎవరూ లేరు. ఊరి పేరు, దాని పక్కన @ గుర్తు, ఆపైన పుట్టిన సంవత్సరం అనే మన అలవాటు పాస్‌వర్డులు అలాంటి దాడికి ఎక్కువ కాలం నిలవవు. రోజూ ఉదయం ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ కొట్టడానికి అందరూ సిద్ధమైతే ఈ మార్గాన్ని నేను కాదనను. కానీ అలా కొట్టవలసి వచ్చిన యంత్రాల మీద ఆ పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉండడమే నేను చూస్తూ వచ్చాను.

మూడవది మనం ఎంచుకున్నది. టీపీఎం అనేది మదర్‌బోర్డు మీద విడిగా ఉండే చిన్న చిప్పు కావచ్చు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న భాగం కావచ్చు. ఇంటెల్ యంత్రాల బయోస్‌లో ఇది పీటీటీ అనీ, ఏఎమ్‌డీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. డిస్కును తెరిచే కీ ఈ చిప్పు మూసిపెట్టిన ముద్ర వెనుక ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు ఏ ప్రోగ్రాములు ఏ వరుసలో మొదలయ్యాయో కొలిచి, ఆ కొలతలు ముద్ర వేసిననాటి కొలతలతో సరిపోతేనే చిప్పు కీని ఇస్తుంది. రైలులో పోయిన ల్యాప్‌టాప్ నుంచి డిస్కును విడదీస్తే దానితో పాటు చిప్పు రాదు కనుక ఆ డిస్కు ఎక్కడ తగిలించినా తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే కొలతలు మారిపోతాయి కనుక అప్పుడూ తెరుచుకోదు. ఈ కీ మనిషి ఊహించుకున్న మాట కాదు కాబట్టి నకలు తీసుకుని ఊహించడానికి కూడా ఆస్కారం లేదు.

అలాగైతే టీపీఎం ఒక్కటే చాలదా, సెక్యూర్ బూట్ దేనికి అని పలాస శాఖ వారు అడిగారు. అన్ని ప్రశ్నలలోకీ నాకు నచ్చినది ఇదే. టీపీఎం కొలుస్తుందే కానీ దేన్నీ ఆపదు. నమ్మదగిన సంతకం లేని బూట్ ప్రోగ్రామును నడవనివ్వకుండా ఆపేది సెక్యూర్ బూట్. రక్షణతో పాటు రోజువారీ సౌకర్యానికి సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. సెక్యూర్ బూట్ లేనప్పుడు బిట్‌లాకర్ తన ముద్రను బయోస్ కోడ్, బూట్ మేనేజర్ మొదలైన వాటి యథాతథ కొలతలకు కట్టివేస్తుంది, చిప్పులో ఆ కొలతలు నమోదయ్యే గదుల సంఖ్యలు 0, 2, 4, 11. అంటే తయారీదారు బయోస్ అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ కొలత మారి, మర్నాడు ఉదయం నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంటుంది. సెక్యూర్ బూట్ సరిగా ఉన్నప్పుడు ముద్ర 7, 11 గదులకు మాత్రమే పడుతుంది. ఏడవ గదిలో నమోదయ్యేది సెక్యూర్ బూట్ స్థితి, సంతకం చేసినవారి ధ్రువపత్రం మాత్రమే కాబట్టి, అదే సంతకంతో వచ్చిన అప్‌డేట్‌కు మామూలుగా ఇబ్బంది ఉండదు. ఎవరైనా సెక్యూర్ బూట్‌ను ఆపివేస్తే మాత్రం ఆ గది విలువ మారి, చిప్పు కీని ఇవ్వడం మానేస్తుంది. మనకు కావలసింది కూడా అదే.

ఈ ఏర్పాటుకు కూడా హద్దులున్నాయి. విడి చిప్పుగా ఉన్న టీపీఎం నుంచి ప్రాసెసర్‌కు కీ వెళ్లే తీగల మీద చౌక పరికరం తగిలించి ఆ కీని పట్టుకోవచ్చని 2019లో ఒకరు, 2024లో మరొకరు బహిరంగంగా చేసి చూపించారు. రెండవవారు వాడినది రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు, పట్టిన సమయం నిమిషం లోపే. 2023లో బయటపడిన బ్లాక్‌లోటస్ అనే మాల్వేర్, సంతకం ఉన్నప్పటికీ లోపం మిగిలిన పాత బూట్ ప్రోగ్రామును అడ్డుపెట్టుకుని సెక్యూర్ బూట్‌నే దాటింది. అందువల్ల విండోస్ అప్‌డేట్లను వాయిదా వేసే అలవాటు ఇకపై కుదరదు. మెయిల్‌లో వచ్చిన మోసపు లింకును మీరు తెరిస్తే ఈ రెండూ ఏమీ చేయలేవు, అది వేరే సంగతి.

ఆ తీగల మీది దాడికి విరుగుడు బూట్ సమయంలో అడిగే పిన్. కనీసం ఆరు అంకెలు ఉండాలి. ఆరు అంకెలే కదా, పైన వద్దన్న పాస్‌వర్డ్ కంటే ఇది మేలెలా అవుతుందని సందేహం రావచ్చు. తేడా అంతా లెక్క పెట్టేది చిప్పు కావడంలో ఉంది. విండోస్ అమర్చిన టీపీఎం 2.0 చిప్పు 32 తప్పులకు మూసుకుపోతుంది, ఆ తరువాత పది నిమిషాలకు ఒక్క తప్పును మాత్రమే మరిచిపోతుంది. అంటే రోజుకు 144 ఊహలు. ఆరు అంకెలతో పది లక్షల పిన్‌లు సాధ్యం కనుక అన్నీ ప్రయత్నించడానికి పందొమ్మిదేళ్లు పడుతుంది. చిప్పును వదిలి డిస్కు నకలు మీద ఈ పిన్‌ను ఊహించడానికి వీలులేదు. పుట్టిన తేదీని పిన్‌గా పెట్టుకుంటే మాత్రం ఈ లెక్కకు విలువ లేదు.

అందుచేత కార్యాలయం దాటని ల్యాప్‌టాప్‌లకు టీపీఎం, సెక్యూర్ బూట్ సరిపోతాయి. ఉద్దానం మండలాలకు తిరిగే సర్వే బృందం యంత్రాలకు వీటితో పాటు పిన్ కూడా పెడుతున్నాము. పిన్ అందరికీ పెట్టకపోవడానికి కారణం ఉంది. రాత్రిపూట అప్‌డేట్ వచ్చి యంత్రం తిరిగి ఆన్ అవుతున్నప్పుడు పిన్ కొట్టేవారు లేక అది అక్కడే ఆగిపోతుంది, మరిచిపోయిన ప్రతి పిన్‌కూ నాకు ఫోన్ వస్తుంది. సర్వే బృందం వారు ప్రయాణంలో మూత దించి వదిలేయకుండా షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేయాలి. నిద్రావస్థలో ఉన్న యంత్రం మెమరీలో కీ ఉంటుంది కాబట్టి అప్పుడు పిన్ ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు.

మీ యంత్రం స్థితి తెలుసుకోవడానికి `msinfo32` తెరిచి `BIOS Mode`, `Secure Boot State` అనే రెండు వరుసలు చూడండి. `UEFI`, `On` అని ఉంటే మంచిదే. తరువాత `tpm.msc` తెరిచి `Specification Version` దగ్గర 2.0 ఉందేమో చూడండి. `BIOS Mode` దగ్గర `Legacy` అని ఉన్నవారు దయచేసి బయోస్‌లోకి వెళ్లి స్వయంగా మార్చవద్దు. ఆ యంత్రాల డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది, దాన్ని కొత్త జీపీటీ పద్ధతిలోకి మార్చకుండా బయోస్‌ను కొత్త తరహా యూఈఎఫ్ఐకి మళ్లిస్తే విండోస్ మొదలే కాదు. మార్చగలమో లేదో ముందుగా ఈ ఆదేశంతో నేనే చూస్తాను:

```
mbr2gpt /validate /allowFullOS
```

వరుస కూడా ముఖ్యమే. మొదట ఫైళ్లు సర్వర్‌లోకి, తరువాత సెక్యూర్ బూట్, ఆఖరున బిట్‌లాకర్. తిరగేసి చేస్తే రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది. టీపీఎం 2.0 లేని పాత యంత్రాలు మన దగ్గర కొన్ని ఉన్నాయి. వాటికి విండోస్ 11 కూడా అధికారికంగా రాదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక వాటిని రోగుల వివరాలు లేని పనులకు, కార్యాలయంలోనే వాడుకుందాం.

రికవరీ కీలు ప్రధాన కార్యాలయంలో భద్రపరుస్తాము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని దెబ్బతీసినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో మీకు తెలుసు. అలాంటి సమయంలో ఫోన్ చేసి కీ అడిగే వీలుండదు కాబట్టి, కాగితం మీద అచ్చు వేసిన ప్రతి ఒకటి సీలు వేసిన కవరులో టెక్కలి శాఖ బీరువాలో కూడా ఉంటుంది. ఆ ప్రతిని ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకోవద్దు. మదర్‌బోర్డు మార్చవలసిన రిపేరు వస్తే యంత్రం ఇచ్చే ముందే నాకు తెలియజేయండి, బోర్డుతో పాటు చిప్పు మారితే రికవరీ కీ లేకుండా ఆ డిస్కు మనకు కూడా తెరుచుకోదు. బయోస్‌లో `Clear TPM` అనే అమరిక జోలికి ఎవరూ వెళ్లకూడదన్నది కూడా ఇందుకే.

ప్రధాన కార్యాలయం యంత్రాలు ఈ వారం, టెక్కలి, పలాస యంత్రాలు వచ్చే వారం చూస్తాను. ల్యాప్‌టాప్‌తో పాటు చార్జర్ తప్పనిసరిగా తీసుకురండి, డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయ్యేలోపు బ్యాటరీ అయిపోకూడదు.

ఇట్లు,
ఐటీ నిర్వాహకుడు,
శ్రీకాకుళం ప్రధాన కార్యాలయం