నిఫ్టీ ఫ్యూచరా, సింథటిక్కా? ఏది మేలు

ఒకే స్ట్రైక్‌లో కాల్ కొని పుట్ అమ్మితే, అంటే సింథటిక్ కడితే, ఫ్యూచర్ కొన్నట్టే కదా, మరి రెండిట్లో ఏది బెటర్ అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. పోయిన నెల నేను కూడా ఫ్యూచర్ వదిలేసి సింథటిక్‌కి మారాను, అందుకే రాస్తున్నా.

ముందు ధర సంగతి. నిఫ్టీ స్పాట్ 24,000, ఎక్స్‌పైరీకి 30 రోజులు, వడ్డీ 6.5 శాతం అనుకుందాం. డివిడెండ్లు పక్కన పెడితే నెల వడ్డీ 128 పాయింట్లు, అంటే ఫ్యూచర్ 24,128 దగ్గర ఉండాలి. అప్పుడు 24,000 కాల్ 400 ఉంటే పుట్ 272 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే

```
C − P = (F − K) / (1 + rT)
```

ఇందులో C కాల్ ధర, P పుట్ ధర, F ఫ్యూచర్, K స్ట్రైక్, r వడ్డీ, T ఏళ్లలో మిగిలిన గడువు. కాల్ పుట్ కన్నా ఖరీదుగా కనిపిస్తోంది, అంటే మార్కెట్ పైకే అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ 128 వడ్డీ తప్ప ఇంకేం కాదు. 24,000 కి ఈ తేడా కలిపితే 24,128 వచ్చింది కదా, 23,800 లో కాల్ 515, పుట్ 189 ఉన్నా తేడా 326, కలిపితే 24,126. ఆ రెండు పాయింట్లు డిస్కౌంటింగ్ వల్ల. ఏ స్ట్రైక్ నుంచి లెక్కేసినా దాదాపు ఒకే ఫ్యూచర్ రావాలి, రాకపోతే మీరు చూస్తున్నది పాత ఎల్‌టీపీ అయ్యుంటుంది, డీప్ స్ట్రైక్‌లలో చివరి ట్రేడ్ గంట కిందటిది కూడా కావచ్చు. దాన్ని చూసి ఆర్బిట్రేజ్ దొరికింది అని ఎగిరే ముందు బిడ్, ఆస్క్ చూడండి. అలాగే ఒకే స్ట్రైక్‌లో కాల్ ఐవీ 11, పుట్ ఐవీ 14 అని టూల్ చూపిస్తే సాధారణంగా అది తప్పు ఫార్వర్డ్‌తో లెక్కేస్తోందన్నమాట.

ఇంకో మాట తరచూ వింటుంటా, సింథటిక్‌లో తీటా తినేస్తుందని. కొన్న కాల్‌లో కరిగేది అమ్మిన పుట్‌లో తిరిగొస్తుంది, నికరంగా పోయేది రోజుకి నాలుగు పాయింట్ల చిల్లర, అదీ వడ్డీయే. ఫ్యూచర్‌లో ప్రీమియం కూడా అలాగే స్పాట్ వైపు కరుగుతుంది. కాబట్టి ధర దగ్గర గెలుపు ఎవరిదీ కాదు, తేల్చాల్సింది మిగతా చోట.

నా లెక్కలో తేల్చేది రోజువారీ ఎంటీఎం. ఫ్యూచర్ కొన్నాక నిఫ్టీ 500 పాయింట్లు పడితే, లాట్ 65 అనుకుంటే 32,500 రూపాయలు క్యాష్‌గా కట్ అవుతాయి, మీ దగ్గర ప్లెడ్జ్ చేసిన షేర్లు ఎన్ని లక్షలున్నా ఎంటీఎం మాత్రం క్యాష్‌లోనే కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. సింథటిక్‌లో అదే నష్టం రోజూ డెబిట్ అవదు, అమ్మిన పుట్ మీద మార్జిన్ పెరుగుతుంది, దాన్ని ప్లెడ్జ్‌తో భరించొచ్చు (సగం క్యాష్ లేదా లిక్విడ్ ఫండ్ లాంటిది ఉండాలనే రూల్ ఉంది, అది మర్చిపోవద్దు). నాలాగా డబ్బంతా షేర్లలో ఇరుక్కున్న వాళ్లకి ఇది పెద్ద తేడా. కాకపోతే లాభం వచ్చినప్పుడు ఫ్యూచర్ వాడి చేతికి డబ్బు మర్నాడే వస్తుంది, మనకి పొజిషన్ కట్ చేసేదాకా రాదు. కాల్ ప్రీమియం కూడా ముందే క్యాష్‌లో కావాలి, ప్లెడ్జ్ పనికిరాదు.

ఎస్‌టీటీ కూడా సింథటిక్ వైపే. 2024 అక్టోబర్ 1న వచ్చి 2026 మార్చి దాకా ఉన్న రేట్లతో ఫ్యూచర్ అమ్మేటప్పుడు 0.02 శాతం అంటే దాదాపు 4.8 పాయింట్లు, అదే ఆప్షన్‌లో ప్రీమియం మీద 0.1 శాతమే కాబట్టి పుట్ అమ్మినప్పుడు పావు పాయింట్, బయటికొచ్చేటప్పుడు కాల్ 600 ఉన్నా 0.6. రేట్లు బడ్జెట్‌కొకసారి కదులుతుంటాయి, మీరు ట్రేడ్ చేసే రోజుది చూసుకోండి. ఆ మిగిలింది మాత్రం బిడ్ ఆస్క్‌లో పోగొట్టుకోవడం చాలా తేలిక, ఎందుకంటే లోపలికి రెండు ఆర్డర్లు, బయటికి రెండు. ఏటీఎంకి దూరంగా వెళ్తే ఒక్కో లెగ్‌లో రెండు మూడు పాయింట్లు ఎగిరిపోతాయి. ముందు కాల్ కొనండి, తర్వాతే పుట్, లేకపోతే మధ్యలో మార్కెట్ జారితే ఉట్టి పుట్‌తో నిలబడాలి.

చేతిలో క్యాష్ పుష్కలంగా ఉండి పొద్దున కొని సాయంత్రం అమ్మేవాళ్లకి ఫ్యూచరే హాయి, ఒక్క క్లిక్. వీక్లీ ఎక్స్‌పైరీకి నిఫ్టీ ఫ్యూచరే లేదు కాబట్టి అక్కడ ఎంపిక అన్నదే లేదు, సింథటిక్ ఒక్కటే. నిఫ్టీ ఈటీఎఫ్ అంటారా, మొత్తం డబ్బు పెట్టగలిగితే మంచిదే, అది వేరే ఆట.

స్టాక్స్‌లో మాత్రం ఇదంతా యథాతథంగా వాడకండి, అక్కడ ఫిజికల్ సెటిల్‌మెంట్, ఎక్స్‌పైరీ దాకా ఉంచితే ఫ్యూచరైనా సింథటిక్కైనా షేర్లు నిజంగానే మీ డీమ్యాట్‌లోకి వచ్చి పడతాయి, మొత్తం డబ్బు కట్టాలి. ఇండెక్స్‌లో కూడా ఎక్స్‌పైరీ రోజున అమ్మిన ఆప్షన్ల మీద అదనంగా 2 శాతం మార్జిన్ వేస్తారు, నేను అందుకే ముందు రోజే కట్ చేస్తా.