ఫ్యామిలీ గ్రూపులో పార్టీ ఫార్వర్డ్: ఊరుకోవడమా, మాట మార్చడమా, ఫోన్ చేయడమా?

ఎన్నికల సీజన్. పొద్దున ఆరున్నరకే పెదనాన్న గారు ఫ్యామిలీ గ్రూపులో ఒక పార్టీ వీడియో పెట్టారు. అదే గ్రూపులో అవతలి పార్టీని అభిమానించే అల్లుడు ఉన్నాడు, కొత్తగా చేరిన వియ్యాలవారూ ఉన్నారు. ఇప్పుడు ఏం చేస్తే మేలన్నది, ఆ వీడియో కింద అప్పటికే ఎవరైనా ఏమైనా రాశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎవరూ ఏమీ రాయకపోతే ఊరుకోవడమే మేలు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అది పెదనాన్న రాసిన మాట కాదు, ఆయనకి ఎవరో పంపింది. మనం జవాబు ఇచ్చామంటే తనది కాని మాటని ఆయన తనదిగా వెనకేసుకు రావాల్సి వస్తుంది. గొడవ మొదలయ్యేది అక్కడే.

ఊరుకోవడమంటే రియాక్షన్ కూడా పెట్టకపోవడం. నవ్వే బొమ్మ పెడితే వెక్కిరించినట్టు, బొటనవేలు పెడితే సై అన్నట్టు. రిప్లై నొక్కి రాస్తే ఆ వీడియో బొమ్మ మళ్లీ అడుగుకి వచ్చి, పొద్దున చూడనివాళ్ల కళ్లలో కూడా పడుతుంది.

కానీ అల్లుడు అప్పటికే "ఇదంతా ఫేక్ మామయ్య గారూ" అని రాసేశాడనుకోండి. ఇక ఊరుకుంటే పని జరగదు, పెద్దాయన ఇంకో రెండు వీడియోలు తెచ్చి పెడతారు. ఇక్కడ మాట మార్చడమే మేలు, అదీ వెంటనే. అయితే ఎలా మార్చామన్నదే అసలు సంగతి. గుడ్ మార్నింగ్ బొమ్మ పెడితే ఎవరూ పట్టించుకోరు. "ఇక్కడ రాజకీయాలు వద్దు" అంటే పెద్దాయనకి పదిమందిలో బుద్ధి చెప్పినట్టవుతుంది. ఒక పాత పెళ్లి ఫోటో తీసి, ఆయన్నే అడగండి:

"పెదనాన్నా, ఇందులో బాబాయి పక్కన నిలబడ్డది ఎవరు? ఎవరి పెళ్లిది ఇది?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయనకే బాగా తెలుసు, కాబట్టి పెద్దరికం ఆయనదే. అత్తయ్యలూ పిన్నులూ కూడా తలో మాట అంటారు, పది జవాబులు పడేసరికి వీడియో పైకి వెళ్లిపోతుంది. ఫోటో ఒక్కటే పెట్టండి. నాలుగైదు ఒకేసారి పంపితే వాట్సాప్ వాటిని ఒకే ఆల్బమ్‌గా కట్టేస్తుంది, ఏ ఫోటో గురించి అడిగారో ఎవరికీ తెలియదు. అదే సమయంలో అల్లుడికి విడిగా "బావా, పెద్దాయన, వదిలెయ్" అని ఒక్క ముక్క పంపాలి. ఇది మరిచిపోతే ఫోటో కిందే మళ్లీ వాదన మొదలవుతుంది.

మాట మార్చడం ఒకటి రెండుసార్లే పనిచేస్తుంది. ప్రతిసారీ ఫార్వర్డ్ వెనకాలే పాత ఫోటో వస్తుంటే ఆయనకి అర్థమైపోతుంది, నొచ్చుకుంటారు. వారంలో మూడోసారి వీడియో పడిందంటే ఫోన్ చేయడమే మేలు. మెసేజ్ వద్దు. అందులో గొంతు వినపడదు, పైగా దాన్ని ఇంకొకరికి చూపించవచ్చు. వీడియో పడగానే కాకుండా మర్నాడు చేయండి, ముందు మోకాలి నొప్పి ఎలా ఉందో అడగండి. వీడియోలో నిజమెంత అన్న జోలికి పోకుండా ఇలా అనవచ్చు: "పెదనాన్నా, గ్రూపులో వియ్యాలవారు కూడా ఉన్నారు కదా, వాళ్లు ఏమనుకుంటారో అని. ఇలాంటివి నాకు విడిగా పంపండి, నేను చూస్తాను." మానేయమనడం లేదు, పంపే చోటు మారుస్తున్నాం. ఆ తర్వాత రోజుకి పది వచ్చినా తట్టుకోవాలి. ఆయన చాట్‌ని మ్యూట్‌లో పెట్టుకుని, రెండు రోజులకోసారి చూసి ఒక మాట రాస్తే చాలు.

అడ్మిన్ చేత డిలీట్ చేయించడం వీటన్నిటిలోకీ చెడ్డది. మెసేజ్ పోయినా, ఫలానా అడ్మిన్ తీసేశారన్న లైను పేరుతో సహా అక్కడే మిగిలిపోతుంది. వీడియో చూడనివాళ్లు కూడా ఏం తీశారని అడుగుతారు. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారిస్తే పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ఆగిపోతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం మాట మార్చకూడదు. పోలింగ్ తేదీ మారిందనో, ఫలానా కార్డు లేకపోతే ఓటు వేయనివ్వరనో తప్పుడు మెసేజ్ వస్తే ఇంట్లోవాళ్లు ఓటు పోగొట్టుకోవచ్చు. అప్పుడు గ్రూపులోనే, తప్పు పంపినవాళ్ల మీదకి నెట్టి రాయాలి: "పెదనాన్నా, మీకు ఇది ఎవరో తప్పుగా పంపినట్టున్నారు. ఎన్నికల సంఘం సైట్‌లో ఇలా ఉంది." కింద లింకు పెట్టి, ఇంకో మాట రాయకుండా ఆపేయాలి. ఆయన "అవునా, సరే" అంటే దాని మీద కూడా ఏమీ అనకండి.