నాలుగేళ్లుగా వాడుతున్న సిజర్ లిఫ్ట్: అది చూడలేనిది నేల ఒక్కటే

డక్టులు, కేబుల్ ట్రేలు బిగించే పనిలో నాలుగేళ్లుగా 19 అడుగుల బ్యాటరీ సిజర్ లిఫ్ట్ వాడుతున్నాను. కత్తెరలా విచ్చుకునే కాళ్ల మీద దీని ప్లాట్‌ఫామ్ నిలువుగా దాదాపు 5.8 మీటర్లు లేస్తుంది, మోయగలిగేది 230 కిలోలు. నున్నటి స్లాబు మీద ఇంత నమ్మకంగా పనిచేసే యంత్రాన్ని నేను వేరే చూడలేదు. నిచ్చెన మీద రోజంతా పట్టే పని దీనిమీద మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. అయితే నేల విషయంలో దీన్ని నమ్ముకోకూడదని నాకు ఒక సంఘటనతో తెలిసొచ్చింది.

ఒక గోడౌన్‌లో పని. స్లాబులో ఒకచోట కేబుల్ ట్రెంచ్ ఉంది, దానిమీద ఇనుప చెకర్ ప్లేటు కప్పి ఉంది. పొద్దున ఖాళీ లిఫ్ట్‌ను దానిమీదుగానే నడిపాను, ఏమీ కాలేదు. మధ్యాహ్నం నేనూ నా తోటి పనివాడూ డక్టు ముక్కలతో ఎక్కి, అయిదు మీటర్ల ఎత్తులో ఉండగానే మెల్లగా ముందుకు జరిపాను. ముందు చక్రం కింద ప్లేటు వంగింది. ప్లాట్‌ఫామ్ పక్కకు ఊగింది, అలారం మోగింది, నడపడమూ పైకి లేపడమూ ఆగిపోయాయి. కిందికి దించడం మాత్రం పనిచేసింది, దించుకుని బయటపడ్డాం.

తర్వాత లెక్క వేశాను. లిఫ్ట్ బరువు 1,230 కిలోలు, పైన మేము సామానుతో కలిపి 215. మొత్తం 1,445. నాలుగు చక్రాలకు సమానంగా పంచితే ఒక్కోదానికి 360 వస్తుంది కానీ, బరువు ఒక మూలకు జరిగితే ఒక్క చక్రం మీదే 550, 600 పడొచ్చు. అదీ అరచేతిలో సగమంత చోట. మెషీన్ మొత్తం బరువును స్లాబు మోస్తుందా అని చూస్తే చాలదు, ఆ ఒక్క చక్రాన్ని అక్కడి మూత మోస్తుందా అని చూడాలి.

ప్లేటు వంగింది రెండు సెంటీమీటర్లే. కానీ ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 70 సెంటీమీటర్లు, పైన ఎత్తు అయిదు మీటర్లు. కింద రెండు సెంటీమీటర్లు దిగితే పైన మేము దాదాపు 14 సెంటీమీటర్లు పక్కకు వెళ్లినట్టు. నా లిఫ్ట్ పక్కవాలు పరిమితి 1.5 డిగ్రీలు, అది దాటింది. ఇంకా దిగకుండా ఆపింది చక్రాల మధ్య కిందికి దిగే పాట్‌హోల్ గార్డు. అది ట్రెంచ్ అవతల గట్టి స్లాబు మీద ఆనింది. వాలు కొలిచే సెన్సర్ వంగాకే చెబుతుంది, వంగబోతోందని చెప్పదు.

అందుకే ఇప్పుడు ఎక్కే ముందు దారంతా నడిచి చూస్తాను. మూతలు, మ్యాన్‌హోళ్లు, కొత్తగా పూడ్చిన మట్టి, స్లాబు అంచులు. అనుమానం వస్తే సుత్తితో కొడతాను, డొల్ల శబ్దం వస్తే ఆ దారి వదిలేస్తాను. ప్లైవుడ్ షీటు టైల్స్ పగలకుండా కాపాడుతుంది కానీ ట్రెంచ్ మీద వంతెనగా పనికిరాదు. ఇంకోటి, గార్డు కింద చెక్కముక్క అడ్డుపడితే అది పూర్తిగా దిగదు, లిఫ్ట్ కొంత ఎత్తు దాటి లేవదు. మొదట్లో దీన్ని యంత్రం లోపమనుకుని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు దిగి ఊడుస్తాను.

బరువు దగ్గర చాలామంది పొరబడేది ముందుకు జరిగే ఎక్స్‌టెన్షన్ డెక్ మీద. మొత్తం 230 కిలోలైనా ఆ డెక్‌కు నా మెషీన్‌లో 113 కిలోలే. ఇద్దరూ అక్కడికి వెళ్లి నిలబడితే, సామాను లేకపోయినా పరిమితి దాటినట్టే. ఎన్ని కిలోలో, ఎంతమందో, గాలిలో వాడొచ్చో లేదో యంత్రానికి బిగించిన ప్లేటు మీద రాసి ఉంటుంది. కొన్ని మోడళ్లు లోపలి పనికే, బయట గాలికి పనికిరావు.

పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ గురించి ఎప్పుడూ వాదన వస్తుంది. పొడవాటి చేయి చివర బుట్ట ఉండే బూమ్ లిఫ్ట్‌లో చక్రం గుంతలో పడితే బుట్ట మనిషిని ఎగరేస్తుంది, కాబట్టి అక్కడ తప్పనిసరి. సిజర్ లిఫ్ట్‌లో ముఖ్య రక్షణ రెయిలింగే. సైటు నియమమో మాన్యువలో కట్టుకోమంటే, ప్లాట్‌ఫామ్‌లోని యాంకర్‌కే, రెయిలింగ్ దాటనివ్వనంత పొట్టి తాడుతో, అంటే లాన్యార్డ్‌తో కట్టుకోవాలి. పైనున్న బీముకు ఎప్పుడూ కట్టకండి. లిఫ్ట్ కదిలితే అదే మనిషిని బయటికి లాగేస్తుంది. మధ్య రెయిలింగ్ మీద కాలు పెట్టి పైకెక్కితే పొట్టి లాన్యార్డ్ కూడా నిలబెట్టలేకపోవచ్చు.

తలపైన ప్రమాదమంటే నాకు ఎక్కువ భయం. జాయ్‌స్టిక్ వైపు వంగి చక్రాలను చూస్తూ నడుపుతుంటే, వెనక నుంచి వచ్చే బీము మెడకు తగిలేదాకా తెలియదు. బీముకూ రెయిలింగ్‌కూ మధ్య నలిగిన మనిషి జాయ్‌స్టిక్ వదలలేకపోవచ్చు. అందుకే బీముల దగ్గర దించి నడుపుతాను, తిరిగి లేపేముందు పైకి చూస్తాను. కరెంటు తీగల దగ్గరికైతే సరఫరా ఆపారని చూశాకే వెళ్తాను.

కింద నుంచి ప్లాట్‌ఫామ్‌ను దించే ఎమర్జెన్సీ పిడి నా లిఫ్ట్‌లో వెనకవైపు ఉంది. కొత్తవాడు నాతో కింద నిలబడిన ప్రతిసారీ, నేను ఎక్కకముందే దాన్ని ఒకసారి అతని చేత లాగిస్తాను.