గోంగూర పచ్చడి ఎలా చేశావని అడిగితే: కొలతలు పంపడం మేలా, గుర్తులు పంపడం మేలా?

గోంగూర పచ్చడి ఫొటో పెట్టిన ప్రతిసారీ "అక్కా, ఎలా చేశావో కొంచెం చెప్పవా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్లు ఫోన్‌లోనే చదువుతారు, చాలాసార్లు పొయ్యి దగ్గర నిలబడి, తడి చేత్తో. కాబట్టి జవాబు చిన్నదిగా ఉండాలన్నది తేలిన మాటే. ఆ చిన్న జవాబులో కొలతలు ఉంచాలా, వంట ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గుర్తులు ఉంచాలా అన్నదే అసలు ప్రశ్న.

కొలతల జవాబు ఇలా ఉంటుంది:

గోంగూర ఆకు పావు కిలో, ఎండుమిర్చి 15, మెంతులు అర స్పూను, ధనియాలు 2 స్పూన్లు, జీలకర్ర 1 స్పూను, వెల్లుల్లి 8 రెబ్బలు, నూనె, ఉప్పు. దినుసులు వేయించి, ఆకు మగ్గించి, రుబ్బి పోపు పెట్టాలి.

చూడటానికి చక్కగా ఉంది. బజారుకు వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఇంట్లో ఏముంది, ఏం తేవాలి అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ధైర్యం కూడా ఇస్తుంది.

చిక్కు పొయ్యి దగ్గర మొదలవుతుంది. గోంగూర ఒకే రకం కాదు. ఎర్ర కాడల గోంగూర బాగా పుల్లగా ఉంటుంది, తెల్ల గోంగూరలో పులుపు తక్కువ. ఒకే పావు కిలో ఆకుకు ఒకరి పచ్చడి నోరు పులిసేంతగా వస్తే, ఇంకొకరిది చప్పగా వస్తుంది. మిరపకాయల సంగతీ అంతే. గుంటూరు సన్నం పదిహేను వేస్తే మనకు సరిపోయే కారం, బెంగళూరులో ఉన్న చెల్లెలు బ్యాడిగి మిరపకాయలు పదిహేను వేస్తే రంగు వస్తుంది కానీ కారం తగలదు. ఇక కట్టల లెక్క చెబితే మరీ కష్టం. పటమట రైతుబజారులో ఇవాళ దొరికిన కట్ట, రేపు దొరికే కట్ట ఒకే సైజులో ఉండవు.

అయినా నా దృష్టిలో ఈ పచ్చడిని నిలబెట్టేదీ చెడగొట్టేదీ పులుపో కారమో కాదు, నీరు. పులుపు చాలకపోతే నానబెట్టిన చింతపండు కాస్త కలపొచ్చు, ఎక్కువైతే ఉల్లిపాయ ముక్కలు కలిపి సర్దొచ్చు. ఆకులో నీరు ఉండగానే రుబ్బేస్తే మాత్రం పచ్చడి జారుగా వస్తుంది, మర్నాటికి అంచున నీరు ఊరుతుంది, త్వరగా పాడవుతుంది. "ఆకు మగ్గించి" అన్న రెండు మాటల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. పోనీ "పది నిమిషాలు మగ్గించాలి" అని రాస్తే చాలా అంటే, అదీ చాలదు. మూకుడు వెడల్పు, మంట, ఆకు తడి ఇంటింటికీ మారతాయి. అమెరికాలో ఫ్రోజెన్ ఆకు వాడేవాళ్లకు అది కరిగేటప్పుడే బోలెడు నీరు వదులుతుంది, పది నిమిషాలకు వాళ్ల మూకుడులో ఇంకా పులుసే ఉంటుంది. నీరు పోయిందని చెప్పగలిగింది గడియారం కాదు, మూకుడే. ఆకు రంగు మారి, ముద్దలా దగ్గరపడి, గరిటెతో పక్కకు తోస్తే ఆ ఖాళీలోకి నీరు రాకుండా అంచున నూనె మెరవాలి. అప్పుడే దించాలి.

మెంతులకు కూడా గుర్తే దిక్కు. ఎర్రబడి కమ్మటి వాసన వచ్చే క్షణానికీ, నల్లబడి చేదెక్కే క్షణానికీ మధ్య దూరం చాలా తక్కువ. "అర స్పూను మెంతులు" అని ఎంత కచ్చితంగా రాసినా ఆ చేదును ఆపలేదు, వచ్చాక దాన్ని తీసేసే ఉపాయమూ లేదు.

అందుకే నేను గుర్తుల జవాబు పంపుతాను. అలాగని కొలతలు పూర్తిగా వదలను. ఏ పనికి కావలసిన కొలత ఆ పని పక్కనే పెడతాను. జాబితా పైనా, పద్ధతి కిందా ఉంటే పచ్చడి చేతితో తెరను పైకీ కిందకీ జరుపుకోవాలి. ఇదీ నేను పంపేది:

1. పావు కిలో ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరేదాకా బట్ట మీద పరవండి.
2. పెద్ద స్పూను నూనెలో అర స్పూను మెంతులు. ఎర్రబడగానే 2 స్పూన్ల ధనియాలు, స్పూను జీలకర్ర, 15 గుంటూరు ఎండుమిరపకాయలు. మిరపకాయ ఉబ్బి ఘాటు రాగానే తీసేయండి.
3. అదే మూకుడులో 3 పెద్ద స్పూన్ల నూనె, ఆకు. మూత పెట్టొద్దు. ముద్దయి అంచున నూనె కనిపించేదాకా వేయించండి.
4. రెండూ చల్లారాక దినుసులు, స్పూను ఉప్పు, 8 వెల్లుల్లి రెబ్బలు ముందు దంచి, తర్వాత ఆకు వేసి నూరండి. నీళ్లు వద్దు.
5. రుచి చూసి ఉప్పు, పులుపు సర్దండి. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు.

ఐదు వరుసలు. ఇంతకు మించి కత్తిరించాల్సి వస్తే పోపు మాట తీసేయండి, అది అందరికీ వచ్చు. "మూత పెట్టొద్దు", "నీళ్లు వద్దు" అన్నవి మాత్రం తీయకండి. మామూలు ఆకుకూరకు అలవాటుపడ్డ చెయ్యి మూత పెట్టేస్తుంది, ఆవిరి మళ్లీ ఆకులోకే దిగుతుంది. మిక్సీ తిరగకపోతే చెయ్యి నీళ్ల గ్లాసు మీదకు పోతుంది. అలవాటుగా చేసే పనిని ఆపే మాటకే చిన్న జవాబులో మొదటి చోటు ఇవ్వాలి.

పంపేముందు "మీకు ఏ ఆకు దొరుకుతుంది, ఏ మిరపకాయ?" అని ఒక్క మాట అడిగితే ఇంకా మంచిది. బ్యాడిగి అంటే, రంగుకు అవి సగం వేసి మిగతా సగం కారం ఉన్న రకం వేయమంటాను. ఫ్రోజెన్ ఆకు అంటే మొదటి వరుస మార్చి, కరిగాక గట్టిగా పిండమంటాను. పిండితే కాస్త పులుపు పోతుంది, అది ఐదో వరుసలో సర్దుకుంటుంది.

వాయిస్ మెసేజ్ పెద్దవాళ్లకు బాగుంటుంది కానీ మూడో మెట్టు మళ్లీ వినాలంటే వెతుక్కోవాలి. వీడియో అడిగినవాళ్లకు అంచున నూనె తేలిన ఆ ఒక్క చోటు ఫొటో పంపితే చాలు.

అన్ని వంటలకూ ఇదే పద్ధతి అనను. ఆవకాయ అడిగితే కొలతలే పంపుతాను, అదీ అన్నిటినీ ఒకే గిన్నెతో కొలిచి. కలిపిన రోజు ముక్కకు ఉప్పు ఇంకా పట్టదు కాబట్టి ఆ రోజు నాలుక మీద నమ్మకం పెట్టుకోలేం, ఉప్పు తక్కువైందని బూజు కనిపించాక గానీ తెలియదు. మైసూర్ పాక్‌కి రెండూ కావాలి, శనగపిండికీ పంచదారకూ కొలత, పాకానికి తీగ గుర్తు.