14 నెలలు వాడిన గ్యాస్ క్యాప్సూల్, నేను చదవని రెండో పేరు

ఈ క్యాప్సూల్ బాగా పనిచేస్తుందని మా ఆఫీసులో నలుగురికి చెప్పింది నేనే. తిన్న రెండు గంటలకి కూడా అన్నం గొంతు దాకా ఉన్నట్టుండడం, కడుపుబ్బరం, పడుకోగానే పుల్లటి తేన్పులు... అన్నీ మూడు రోజుల్లో తగ్గాయి. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ తర్వాత నా ఒంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

రాబెప్రజోల్ 20, లెవోసల్పిరైడ్ 75 కలిపి ఉండే రకం ఇది. చాలా కంపెనీలు చాలా పేర్లతో అమ్ముతాయి. యాసిడ్ తగ్గించే రాబెప్రజోల్ మీద నాకే ఫిర్యాదూ లేదు. నా కోపమంతా ఆ రెండో మందు మీదే.

నాకు 28 ఏళ్లు, పెళ్లి కాలేదు. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. డాక్టర్ ఈ క్యాప్సూల్ రాసింది 15 రోజులకే. చీటీ ఎక్కడో పోయింది, కడుపు మాత్రం హాయిగా ఉంది. పీజీ కింద మెడికల్ షాపు నడిపే అన్నది కూడా మా మదనపల్లే. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే ఇంకోటి ఇచ్చేవాడు. అలా మార్చిలో మొదలైంది, తర్వాతి ఏడాది మే దాకా సాగింది.

జూన్‌లో పీరియడ్ పది రోజులు లేటయింది. జూలైలో అసలు రాలేదు. నైట్ కాల్స్, టెన్షన్, మెస్ తిండి వల్లేమో అనుకున్నాను. ఆగస్టులో ఒక క్లినిక్‌కి వెళ్తే స్కాన్ చూసి పీసీఓడీ కావచ్చన్నారు, పీరియడ్ రావడానికి మాత్రలిచ్చారు. రెండు రోజులు కొంచెం కనిపించి ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ లేదు.

నవంబర్‌లో ఒక రోజు ఆఫీసులో లిఫ్ట్ అద్దంలో చూసుకుంటే లేత నీలం కుర్తీ మీద ఎడమవైపు రూపాయి బిళ్లంత తడి మరక. నీళ్లు పడ్డాయనుకున్నాను. రాత్రి బాత్రూమ్‌లో చూసుకుంటే లోదుస్తుల్లో మరక ఆరి, బట్ట గంజి పెట్టినట్టు గట్టిగా ఉంది. మెల్లగా నొక్కితే చిన్న చిన్న రంధ్రాల నుంచి పల్చటి తెల్లటి చుక్కలు వచ్చాయి, రెండు వైపులా. ఏ వాసనా లేదు, నొప్పీ లేదు. పాలే. అలా ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు. మర్నాడు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమైనా ఉంటే నాకు చెప్పు తల్లీ, నేనేమీ అనను" అంది. అమ్మ తప్పు లేదు. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశారు, నెగెటివ్. థైరాయిడ్ నార్మల్. పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్ మాత్రం 142 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకి మామూలుగా 25 లోపు ఉంటుంది. ఎంఆర్ఐలో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో 3 మిల్లీమీటర్ల మచ్చ ఉందని, చిన్న గడ్డ అయి ఉండొచ్చని రాశారు. ప్రొలాక్టిన్ తగ్గడానికి కాబర్గోలిన్ అర మిల్లీగ్రాము బిళ్ల వారానికి రెండు వేసుకోమన్నారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. లేదన్నాను. గ్యాస్ క్యాప్సూల్ మందు కిందికి వస్తుందని నాకు తట్టనే లేదు.

అసలు దెబ్బ తిన్నది ఇక్కడే. కాబర్గోలిన్ వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేది. ఒకసారి పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకుని బయల్దేరితే బస్ స్టాప్‌లో కళ్లు తిరిగి మెట్ల మీద కూర్చుండిపోయాను. దాన్ని రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకోవాలి, లేచేటప్పుడు మెల్లగా లేవాలి. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు నేను చేసింది వేరు. వికారం తగ్గడానికి రోజుకొకటి వేసుకునే గ్యాస్ క్యాప్సూల్‌ని కొన్ని రోజులు రెండు చేశాను. వికారం తగ్గేది కూడా. ఫిబ్రవరిలో ప్రొలాక్టిన్ 61. తగ్గింది కానీ నార్మల్ కాలేదు. పీరియడ్ రాలేదు, పాల చుక్కలూ ఆగలేదు. డోసు పెంచారు. ఏప్రిల్‌లో 54. గడ్డ మందుకి లొంగట్లేదేమోనని ఒకరన్నారు. ఆ వారం నిద్ర లేదు.

మేలో ఒక ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కన్నడ, తెలుగు కలిపి మాట్లాడే పెద్దావిడ. రిపోర్టులు పక్కన పెట్టి, "ఏమ్మా, బ్యాగులో ఉన్న స్ట్రిప్పులన్నీ తీసి టేబుల్ మీద పెట్టు. విటమిన్, తలనొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల, అన్నీ" అన్నారు. తీసి పెట్టాను. ఆవిడ గ్యాస్ స్ట్రిప్పు వెనక్కి తిప్పి, కళ్లజోడు పైకెత్తి చదివి, బాల్ పెన్నుతో రెండో పేరు కింద గీత గీశారు. "ఎన్నాళ్లుగా?" అన్నారు. 14 నెలలన్నాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ని ఎప్పుడూ తయారు చేయాలనే చూస్తుంది. మెదడు నుంచి వచ్చే డోపమైన్ దాన్ని అణిచి ఉంచుతుంది. లెవోసల్పిరైడ్ ఆ డోపమైన్ వచ్చి కూర్చునే చోటుని ఆక్రమిస్తుంది. కడుపులో కూడా అదే పని చేస్తుంది కాబట్టి తిన్నది త్వరగా కిందికి జరుగుతుంది, వికారం తగ్గుతుంది. పైన పిట్యూటరీలో మాత్రం అణిచే చెయ్యి తీసేసినట్టవుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే రొమ్ముల్లో పాలు ఊరతాయి, అండం విడుదలకి మెదడు ఇచ్చే సంకేతం ఆగిపోతుంది. బాలింతలకి చాలా నెలలు పీరియడ్స్ రానిది కూడా ఇందుకే. కాబర్గోలిన్ సరిగ్గా దీనికి ఎదురు మందు, డోపమైన్ చోట కూర్చుని దాని పని చేస్తుంది. అంటే నేను ఒకే తాళానికి ఒక చేత్తో తాళం చెవి పెడుతూ, ఇంకో చేత్తో ఆ రంధ్రంలో పుల్ల గుచ్చుతున్నాను. పైగా తాళం చెవి వల్ల వచ్చిన వికారానికి ఇంకో పుల్ల.

మామూలుగా అయితే అనుమానం ఉన్న మందుని మూడు రోజులు ఆపి మళ్లీ రక్తం చూస్తే తేలిపోతుందట. నాకు అలా కుదరలేదు. కాబర్గోలిన్ ప్రభావం ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, కాబట్టి అంకె తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. అందుకని ఆవిడ రెండూ ఆపించి ఆరు వారాలు ఆగమన్నారు. (మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి. వాటిని మాత్రం రాసిన డాక్టర్‌ని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకూడదని గట్టిగా చెప్పారు.) తలనొప్పి పెరిగినా, పక్క చూపు తగ్గినట్టనిపించినా ఆగకుండా రమ్మన్నారు.

ఇంకో మాట చెప్పారు. పాలు వస్తున్నాయో లేదో చూడడానికి రోజూ నొక్కకు అని. నేను ప్రతి రాత్రీ చేసేది అదే. నొక్కిన ప్రతిసారీ ఒంటికి బిడ్డ తాగినట్టే అనిపిస్తుందట, ఆగాల్సింది ఆగదు. రెండు వైపులా తెల్లగా వస్తే హార్మోన్ వైపు చూస్తారు. ఒకే వైపు, అందులోనూ రక్తం కలిసి వస్తే అది వేరే సంగతి, వెంటనే రొమ్ము పరీక్ష చేయించుకోవాలి.

జూన్ చివర్లో ప్రొలాక్టిన్ 17. టెస్ట్‌కి వెళ్లేటప్పుడు నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత, అక్కడ కాసేపు ప్రశాంతంగా కూర్చున్నాకే ఇవ్వమన్నారు. నిద్రలోనూ టెన్షన్‌లోనూ ఆ అంకె పెరుగుతుంది. జూలై 9న పీరియడ్ వచ్చింది. మామూలుగా ఆ రోజు నడుం నొప్పికి విసుక్కునేదాన్ని. ఆ రోజు మాత్రం ముందు అమ్మకి ఫోన్ చేశాను. సెప్టెంబర్‌లో 14. ఏ మందూ లేకుండానే. పాల చుక్కలు పూర్తిగా ఆగడానికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది.

మధ్యలో కడుపు మళ్లీ మొదలైంది. షాపు అన్నకి సంగతి చెబితే, "అయితే ఇది తీసుకో అక్కా, ఇందులో అది లేదు" అని ఇంకో క్యాప్సూల్ ఇచ్చాడు. తిప్పి చూస్తే డోంపెరిడోన్. లెవోసల్పిరైడ్ లేని మాట నిజమే కానీ ఇదీ డోపమైన్ చోటునే ఆక్రమిస్తుంది. పాలు చాలని తల్లులకి కొందరు డాక్టర్లు ఇచ్చే మందు కూడా ఇదే. అమెరికాలో ఎఫ్‌డీఏ 2004లో ఆ వాడకం వద్దని హెచ్చరించింది, గుండె లయకి ప్రమాదమని. అన్న మీద నాకు కోపం లేదు. అతనికి రెండూ గ్యాస్ బిళ్లలే. పేరు చివర డీఎస్ఆర్ అని ఉంటే చాలావరకు డోంపెరిడోన్, ఎల్ లేదా ఎల్ఎస్ఆర్ అని ఉంటే చాలావరకు లెవోసల్పిరైడ్. తోకని నమ్మకుండా వెనకాల చిన్న అక్షరాలు చదవడమే నయం. ఇప్పుడు నేను వాడేది రాబెప్రజోల్ ఒక్కటే, అదీ అవసరమైన వారమే. రాత్రి భోజనం పదకొండు నుంచి ఎనిమిదిన్నరకి జరిపాను. ఉబ్బరం పూర్తిగా పోలేదు. ఆ క్యాప్సూల్ ఇచ్చినంత హాయి దీంతో రాలేదని ఒప్పుకోవాలి.

అందుకని అందరినీ మానేయమని చెప్పలేను. మా పెద్దమ్మకి 20 ఏళ్ల షుగరు, కడుపు కదలిక మందగించి తిన్నది అక్కడే ఉండిపోతుంది. ఆమెకి ఇలాంటి మందు డాక్టర్ లెక్క చూసి ఇస్తున్నారు, ఆమెకి నిజంగా ఉపయోగపడుతోంది. అందరికీ నా అంతగా ప్రొలాక్టిన్ పెరగకపోవచ్చు, పెరిగినా కొందరికి ఏ లక్షణమూ కనబడదు. కాబర్గోలిన్‌ని నేను మొదట్లో చాలా తిట్టుకున్నాను, అది కూడా సరికాదు. నిజంగా పిట్యూటరీ గడ్డ ఉన్నవాళ్లకి చాలాసార్లు ఆపరేషన్ అవసరం లేకుండా చేసేది ఆ బిళ్లే. నా దగ్గర దానికి అడ్డుపడింది నేను వేసుకున్న క్యాప్సూల్.

ఇక ఆ 3 మిల్లీమీటర్ల మచ్చ. అంత చిన్నవి ఏ ఇబ్బందీ లేనివాళ్లలో కూడా స్కాన్ తీస్తే కనిపిస్తుంటాయని మేడం అన్నారు. ప్రొలాక్టిన్ దానంతటదే నార్మల్‌గా ఉంది కాబట్టి నా పాలకీ దానికీ సంబంధం లేదనే అనుకుంటున్నారు. మచ్చ పెరగలేదని చూసుకోవడానికి వచ్చే డిసెంబర్‌లో ఇంకో ఎంఆర్ఐ ఉంది. ఆ రోజు అమ్మ మదనపల్లె నుంచి వస్తానంది.