గుంటూరులో అమ్ముతున్న ‘పివట్ ఇండికేటర్’ కొనేముందు ఈ లెక్క వేసి చూడండి

బ్రాడీపేటలో ఆదివారం క్లాసులు పెట్టి, పివట్ పాయింట్లనీ ఓపెనింగ్ రేంజ్‌నీ కలిపి సిగ్నల్ ఇచ్చే ఇండికేటర్ అంటూ పదిహేను వేలకు ఒకటి అమ్ముతున్నారు. విజయవాడలోనూ బ్యాచ్‌లు నడుస్తున్నాయట. పేరు రాయడం లేదు, ఎందుకంటే రేపు ఇదే సరుకు ఇంకో పేరుతో వస్తుంది. మా బావమరిది కొన్నాడు, వాడి పక్కన కూర్చుని నేనూ చూశాను. డబ్బు ఎలాగూ వెనక్కి రాలేదు, కనీసం మోసం ఎక్కడుందో అందరికీ తెలియాలని రాస్తున్నాను.

క్లాసులో చూపించేవన్నీ పాత చార్టులే. ఏ రోజు తీసినా ధర పివట్ గీతను తాకుతుంది, గీత దాటాక మార్కెట్ అటే పోతుంది. చూసినవాడు పడిపోక ఏం చేస్తాడు? అసలు పివట్ లెక్క ఇదీ:

```
P  = (H + L + C) / 3
R1 = 2*P - L
S1 = 2*P - H
```

P అంటే పివట్. R1 దాని పైన ధరకు అడ్డు తగలొచ్చనుకునే గీత, S1 కింద ఆసరా దొరకొచ్చనుకునే గీత. ఇందులో H, L, C మూడూ నిన్నటివి: నిన్నటి హై, లో, క్లోజ్. అందుకే ఈ గీతలు ఉదయం 9:15కి ముందే ఖరారై ఉండాలి, రోజంతా కదలకూడదు. వీళ్ల ఇండికేటర్ మాత్రం ఏ రోజు గీతకు ఆ రోజు హై, లో, క్లోజే వాడుతోంది. సాయంత్రం క్లోజ్ తెలిశాక గీసిన గీత ఉదయం నుంచే అక్కడ ఉన్నట్టు పాత చార్టులో కనబడుతుంది. ఒక రోజు హై, లో, క్లోజ్‌ల సగటు ఆ రోజు హై, లోల మధ్యే పడుతుంది కాబట్టి ధర దాన్ని తాకకుండా ఎక్కడికి పోతుంది? అది ఇండికేటర్ గొప్పతనం కాదు, సగటు లెక్క అంతే.

లైవ్‌లో ఏం జరుగుతుందో ఒక రోజు తీసుకుని చూద్దాం. అంకెలు సులువుగా ఉండాలని కాస్త సర్దాను. నిన్న నిఫ్టీ హై 24,900, లో 24,600, క్లోజ్ 24,840 అనుకోండి. అసలైన పివట్ 24,780, R1 24,960, S1 24,660. ఈ రోజు మొదటి పావుగంటలో, అంటే 9:15 నుంచి 9:30 దాకా, హై 24,890, లో 24,820. ఇదే మన ఓపెనింగ్ రేంజ్.

9:30కి ధర 24,885 దగ్గర ఉంది. రోజు ఇంకా ముగియలేదు కాబట్టి వీళ్ల ఇండికేటర్ అప్పటి ధరనే క్లోజ్‌గా తీసుకుని పివట్ 24,865 అని, R1 24,910 అని చూపిస్తోంది. రేంజ్ హై 24,890 దాటగానే ‘బై’ వచ్చింది. టార్గెట్ R1, ఇరవై పాయింట్ల దూరమే, మావాడు హుషారుగా ఎక్కాడు. ధర 24,910కి వచ్చింది, కానీ అప్పటికి R1 24,940కి జరిగిపోయింది. ధర 24,970 హై చేసి 24,961 దగ్గర ఆడుతుంటే R1 25,014 అయి కూర్చుంది. “బావా, టార్గెట్ పారిపోతోందేంటి?” అన్నాడు. పారిపోతుంది మరి. ఆ రోజు అంకెలతోనే లెక్కేస్తే, ధర ఆ రోజు హై, లోల మధ్య బిందువుకి పైన ఉన్నంతసేపూ R1 ఎప్పుడూ ఆ రోజు హై కంటే పైనే ఉంటుంది. కొన్నవాడికి టార్గెట్ తగిలే దారే లేదు. తగిలేది స్టాప్ లాస్ మాత్రమే. మధ్యాహ్నానికి ధర రేంజ్ కింది అంచు 24,820 కిందికి పోయి అదే తగిలింది.

ఇంకా చిత్రం సాయంత్రం చూడాలి. రోజు హై 24,970, లో 24,760, క్లోజ్ 24,790. అదే చార్టులో ఇప్పుడు పివట్ 24,840 దగ్గర ఉంది, ధర దాన్ని కిందికి కోసిన చోట చక్కగా ఒక ‘సెల్’ బాణం. పొద్దున వచ్చిన ‘బై’ ఆనవాలే లేదు. రేపు ఇంకో బ్యాచ్‌కి చూపించేది ఈ స్క్రీన్‌షాటే.

కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పై ఫార్ములాలో R1 లోంచి S1 తీసేస్తే మిగిలేది H - L. అంటే సరైన చార్టులో R1, S1 గీతల మధ్య దూరం ముందురోజు హై, లోల తేడాకి సమానంగా ఉండాలి. మన ఉదాహరణలో 24,960 - 24,660 = 300, నిన్నటి తేడా కూడా 300. వీళ్ల చార్టులో సాయంత్రం ఆ దూరం 210 వచ్చింది, అది ఆ రోజు తేడా. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి పాత చార్టులో ఒక నాలుగైదు రోజులకి ఇది చూస్తే చాలు. గీతే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ ఉంటే మాత్రం కంగారు పడకండి. ఎక్స్ఛేంజీ ప్రకటించే క్లోజింగ్, 3:30కి తెర మీద ఆగిన ధర ఒకటే కావాలని లేదు, ఎవరు ఏది తీసుకున్నారన్న దాన్ని బట్టి పివట్ కాస్త మారుతుంది.

పివట్‌నీ ఓపెనింగ్ రేంజ్‌నీ కలపడం తప్పని నేను అనడం లేదు. అందుకు డబ్బు కట్టక్కర్లేదు, అంతే. పివట్ గీతలు చాలా చార్టింగ్ సైట్లలో ఉచితంగానే ఉంటాయి. రేంజ్ ఏర్పడ్డాక చూడాల్సింది ముఖ్యంగా ఒకటే: రేంజ్ దాటిన చోటు నుంచి తర్వాతి గీత దాకా ఎంత జాగా ఉంది? అదే రోజు తీసుకుంటే రేంజ్ మొత్తం అసలు పివట్ 24,780 పైనే ఉంది, కాబట్టి కొనుగోలు వైపు ఆలోచించడం సబబే. 24,890 దాటితే R1 దాకా జాగా 70 పాయింట్లు. స్టాప్ రేంజ్ కింద 24,820 దగ్గర పెడితే పోయేదీ 70. పోయేదెంతో వచ్చేదీ అంతే, పైగా బ్రోకరేజీ, పన్నులు ఉంటాయి. నేనైతే ఆ ట్రేడ్ వదిలేస్తాను. ఎక్కినవాడు 24,960 దగ్గర దిగిపోవాలి, ఆ గీత కదలదు కాబట్టి ఎక్కడ దిగాలో పొద్దున్నే తెలుసు. ఆ రోజు R1 దాటి పది పాయింట్లు పోయి వెనక్కి తిరిగింది. ప్రతిసారీ అలా తిరుగుతుందని ఎవరూ చెప్పలేరు.

రేంజ్ హై 24,945 దగ్గర ఉంటే R1 దాకా జాగా 15 పాయింట్లే, అలాంటి బ్రేకవుట్‌కి దూరంగా ఉండటం మంచిది. పివట్ సరిగ్గా రేంజ్ మధ్యలో పడితే, ఉదాహరణకు 24,750, 24,810 మధ్య రేంజ్ అయితే, మార్కెట్ ఇంకా ఎటూ తేల్చుకోలేదని అర్థం. అలాంటి రోజు మొదటి బ్రేకవుట్ ఉత్తిదే అయి వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను. ఆప్షన్లు కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఇండెక్స్ 70 కదిలితే దగ్గరి స్ట్రైక్ ప్రీమియం సుమారు అందులో సగమే కదులుతుంది.

డబ్బు అడిగితే “మీకు సెట్టింగ్స్ రాలేదు” అన్నారు, తర్వాత గ్రూపులోంచి తీసేశారు. కేవలం నేర్పిస్తున్నామని చెప్పేవాళ్లు గడిచిన మూడు నెలల ధరలు వాడి పాఠం చెప్పకూడదని సెబీ 2025 జనవరిలో ఇచ్చిన సర్క్యులర్‌లో చెప్పింది. లైవ్‌లో ‘బై’, ‘సెల్’ చెప్తున్నారంటే అది సలహా కిందికి వస్తుంది, దానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగి సెబీ వెబ్‌సైట్‌లో వెతకండి. వీళ్లని అడిగితే “మేం టూల్ మాత్రమే అమ్ముతాం” అని తప్పించుకున్నారు.

ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే, మార్కెట్ తెరవకముందు 9:10కి ఆ రోజు గీతల స్క్రీన్‌షాట్ పంపమనండి. 3:30 తర్వాత అదే చార్టు మళ్లీ తెరిపించి రెండూ పక్కపక్కన పెట్టండి. ఒక్క గీత జరిగినా డబ్బు కట్టకండి.