చెన్నై ఎండకి ఏది మేలు: కోల్డ్ బ్రూనా, ఐస్ మీద దించిన వేడి కాఫీనా?

పొడిని చన్నీళ్ళలో గంటల తరబడి నానబెట్టే కోల్డ్ బ్రూ లీటరు చల్లని కాఫీకి 100 గ్రాముల పొడి తింటుంది. అదే వేడినీళ్ళతో నేరుగా ఐస్ మీదికి దించితే 70 గ్రాముల లోపే సరిపోతుంది. చన్నీళ్ళు పొడిలోని సారాన్ని నిదానంగా, తక్కువగా లాగుతాయి. ఆ లోటును ఎక్కువ పొడితో, ఎక్కువ సేపు నానబెట్టి పూడ్చుకోవాలి.

కోల్డ్ బ్రూకి చికోరీ లేని పొడిని ఇడ్లీ రవ్వంత బరకగా పట్టించండి. ఫిల్టర్ కాఫీకి వాడే మెత్తటి పొడి వేస్తే వడకట్టే గుడ్డ పూడుకుపోతుంది, అడుగున బురద చేరుతుంది, చేదెక్కుతుంది. 100 గ్రాముల పొడికి 700 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, పది నిమిషాలాగి మళ్ళీ కలపండి. లేదంటే పైన తేలిన పొడి లోపల తడవకుండానే ఉండిపోతుంది. బెంగళూరులో గది వేడిమిలో 12 నుంచి 14 గంటలు చాలు. మే నెల చెన్నైలో రాత్రి కూడా గది చల్లబడదు కాబట్టి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో 16 నుంచి 18 గంటలు పెట్టండి. నాలుక మీద నీళ్ళగా, పుల్లగా తగిలితే నానడం చాలలేదు. చెక్క నమిలినట్టు వగరుగా ఉంటే ఎక్కువైంది.

వడకట్టేటప్పుడు గుడ్డ పిండకండి, మెత్తటి నలుసంతా దిగిపోతుంది. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు పట్టేసుకుంటుంది గనక చేతికొచ్చేది సుమారు 500 మిల్లీలీటర్లే. దీనికి సమానంగా నీళ్ళు కలిపితే లీటరు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: ఐస్ కూడా నీళ్ళే. 100 మిల్లీలీటర్ల చిక్కటి కాఫీకి 100 నీళ్ళూ పోసి, గ్లాసు నిండా ఐస్ కూడా వేస్తే పది నిమిషాల్లో చప్పబడుతుంది. నీళ్ళు 50 దగ్గర ఆపి, మిగతా 50 ఐస్ కరిగి ఇవ్వనివ్వండి. పాలతో తాగేవాళ్ళు నీళ్ళు మానేసి 100 చల్లని పాలు పోసుకుంటే రుచి నిలుస్తుంది.

వేడి పద్ధతికి కాగితపు ఫిల్టర్ కావాలి. కింది పాత్రలో 200 గ్రాముల ఐస్ వేసి, 30 గ్రాముల పొడి మీద మరిగి అర నిమిషం ఆగిన నీళ్ళు 300 మిల్లీలీటర్లు మూడు నిమిషాల్లో విడతలుగా పోయండి. పొడి బొంబాయి రవ్వకన్నా కాస్త మెత్తగా ఉండాలి. నీళ్ళు తక్కువ కాబట్టి బరక పొడైతే సారం దిగదు. ఐస్ దాదాపు అంతా కరిగి, 440 మిల్లీలీటర్ల చల్లని కాఫీ చేతికొస్తుంది.

చిక్కమగళూరు అరబికా లాంటి మంచి గింజ తెచ్చుకుని బ్లాక్‌గా తాగితే నా ఓటు వేడి పద్ధతికే. ఆ సువాసన, పండు పులుపు చన్నీళ్ళలో సగం కూడా రావు. కానీ పూటకోసారి దించే ఓపిక లేని ఇంటికి, పాలతో తాగేవాళ్ళకి కోల్డ్ బ్రూ నయం. నీళ్ళు కలపని చిక్కటి కాఫీ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తుంది. నీళ్ళు కలిపాక మాత్రం రెండు రోజుల్లో తాగేయండి.